రెండు బై ఐదు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆరో తరగతికి భిన్నాల కూడిక మొదలుపెట్టే ముందు రోజు నేనొక చిన్న స్లిప్ టెస్ట్ పెడతాను. నాలుగే ప్రశ్నలు, పది నిమిషాలు. అందులో ఒకటి 1/2 + 1/3. మా స్కూలు తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో, చంద్రగిరి దాటాక వచ్చే ఒక ఊళ్లో ఉంది. ఈ ఏడాది ఆ తరగతిలో 36 మంది. వాళ్ళలో 15 మంది జవాబుగా 2/5 రాశారు. ఆరుగురు 2/6 రాశారు. 11 మందికి 5/6 వచ్చింది. మిగిలిన నలుగురు ఆ చోటు ఖాళీగా వదిలేశారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ 2/5 మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టేదాన్ని. తర్వాత బోర్డు మీద క.సా.గు పద్ధతి చెప్పి, పది లెక్కలు చేయించేదాన్ని. వారం రోజులు అందరూ చక్కగా చేసేవాళ్ళు. క్వార్టర్లీ పరీక్ష పేపర్లు దిద్దుతుంటే మళ్ళీ అదే 2/5 కనిపించేది. ఆ పిల్లలు పాఠం వినలేదని కాదు. నేను చెప్పిన పద్ధతి వాళ్ళ ఆలోచన పక్కన ఇంకొకటిగా చేరిందే తప్ప, ఆ ఆలోచనను కదిలించలేదు. పద్ధతి మరిచిపోగానే పాత ఆలోచన పైకి వచ్చింది. అది ఎక్కడి నుంచి వస్తోందని నేను వాళ్ళను ఒక్కసారి కూడా అడగలేదు.

అందుకే ఇప్పుడు పాఠాన్ని ఆ 2/5 తోనే మొదలుపెడతాను. ఆ పాఠం ఎలా నడుస్తుందో, ఎక్కడ తడబడుతుందో వివరంగా రాస్తాను.

తొందరపాటా, ఆలోచనా?

చర్చకు ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పిల్లవాడు తొందరలో తప్పు రాశాడా, లేక నమ్మి రాశాడా? తొందరపాటు తప్పును ఇంకోసారి చూసుకోమంటే చాలు, వాడే దిద్దుకుంటాడు. నమ్మి రాసిన తప్పు అలా పోదు. ఎన్నిసార్లు చూసుకున్నా వాడికి అది సరిగ్గానే కనిపిస్తుంది.

మిగతా మూడు ప్రశ్నలు దీని కోసమే పెట్టాను. రెండో ప్రశ్న 2/3 + 1/4. మొదటిదానికి 2/5 రాసిన 15 మందిలో 12 మంది దీనికి 3/7 రాశారు. అంకెలు మారినా దారి ఒకటే, పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలపడం. అంటే వాళ్ళ దగ్గర ఒక నియమం ఉంది.

మూడో ప్రశ్న 1/2 + 1/2. నాకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. నియమం ప్రకారం అయితే 2/4 రావాలి. కానీ ఆ 12 మందిలో తొమ్మిది మంది దీనికి 1 అని రాశారు. పక్కపక్క లెక్కల్లో ఒకచోట అంకెలు కలిపారు, ఇంకోచోట రెండు సగాలు కలిస్తే ఒకటి అని ఇంట్లో, అంగట్లో చూసినదాన్ని రాశారు. ఆ రెండింటికీ పొత్తు కుదరలేదని వాళ్ళకు తెలియదు. చర్చ పుట్టేది ఈ సందులోనే.

నాలుగోది 1/3, 1/5 లలో ఏది పెద్దది అన్నది. దీని అవసరం ఏమిటో పాఠం నడుస్తుండగా తెలుస్తుంది.

పిల్లలు ఈ నియమాన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఐదేళ్ళుగా వాళ్ళకు బాగా అలవాటైన అంకెలు దాదాపు అన్నీ పూర్ణ సంఖ్యలు. అంకె కనిపిస్తే లెక్కపెట్టాలి, కూడిక గుర్తు కనిపిస్తే కలపాలి. భిన్నాన్ని చూసినప్పుడు వాళ్ళకు కనిపించేది ఒక సంఖ్య కాదు, గీతకు పైన ఒకటి, కింద ఒకటిగా రెండు సంఖ్యలు. పైగా గుణకారంలో లవాన్ని లవంతో, హారాన్ని హారంతో గుణించమని మనమే చెబుతాం. అక్కడ సరైన దారి ఇక్కడ ఎందుకు తప్పో మనం చెప్పం.

ఇది మా ఊరి పిల్లల తప్పు మాత్రమే కాదు. 1978లో అమెరికాలో దేశమంతటా జరిపిన ఒక పరీక్షలో 13 ఏళ్ళ పిల్లలను 12/13 + 7/8 సుమారుగా ఎంత అని అడిగారు. 1, 2, 19, 21 లలో ఒకటి ఎంచుకోవాలి. రెండు భిన్నాలూ దాదాపు ఒకటి చొప్పున ఉన్నాయి, కాబట్టి జవాబు 2. దాన్ని ఎంచుకున్నవాళ్ళు 24 శాతం మంది. సగానికి పైగా పిల్లలు 19 కానీ 21 కానీ ఎంచుకున్నారు. 12, 7 కలిపితే 19. 13, 8 కలిపితే 21. వాళ్ళూ గీతకు పైన, కింద విడివిడిగానే చూశారు.

బోర్డు మీద మూడు జవాబులు

మరుసటి రోజు పీరియడ్‌లో బోర్డు మీద 1/2 + 1/3 అని రాసి, కింద 2/5, 2/6, 5/6 అని మూడు జవాబులూ రాస్తాను. ఎవరు ఏది రాశారో చెప్పను. మూడూ ఒకే సైజులో, ఒకే రంగు చాక్‌పీసుతో రాస్తాను. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పిల్లలు టీచర్ ముఖం చదవడంలో దిట్టలు. ఒక జవాబు దగ్గర నా గొంతు కాస్త మారినా చాలు, చర్చ అక్కడితో అయిపోతుంది.

ముందు ప్రతి ఒక్కరూ తాము ఏ జవాబు వైపో చీటీ మీద రాసి మడిచి ఇవ్వాలి. చేతులెత్తమంటే బాగా చదివే పిల్ల ఎటు ఎత్తితే అందరూ అటే ఎత్తుతారు. తర్వాత నేను అడిగేది ఏది కరెక్టు అని కాదు. "2/5 అని రాసినవాళ్ళు ఎట్లా ఆలోచించి ఉంటారు?" అని అడుగుతాను. ఆ జవాబు రాయనివాళ్ళు కూడా దీనికి బదులు చెప్పొచ్చు. రాసినవాళ్ళకు సిగ్గు ఉండదు, రాయనివాళ్ళు అవతలివాళ్ళ ఆలోచనలోకి వెళ్ళి చూడాల్సి వస్తుంది.

ఈ రకం పాఠాన్ని నేను కనిపెట్టలేదు. 1980లలో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో అలన్ బెల్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఇలాంటి పాఠాలు తయారుచేసి తరగతుల్లో పరీక్షించారు. ముందు పిల్లల తప్పు ఆలోచనను బయటపెట్టాలి, దాన్ని వాళ్ళకే తెలిసిన ఇంకో విషయంతో ఢీకొట్టించాలి, తర్వాత నిదానంగా మాట్లాడుకుని తేల్చుకోవాలి. పని క్రమం ఇదే. కష్టమంతా ఆ ఢీకొట్టించడం దగ్గరే ఉంది.

అర లీటరు కంటే తగ్గుతుందా?

మా దగ్గర చాలా ఇళ్ళల్లో ఆవులున్నాయి. పొద్దున, సాయంత్రం డెయిరీకి పాలు పోస్తారు. అందుకే మొదటి వాదన దాదాపు ప్రతి ఏడాదీ పాల నుంచే వస్తుంది. ఈసారి రెండో బెంచీలో కూర్చునే ఒకమ్మాయి లేచింది. "మేడం, అర లీటరు పాలు ఉండాయి. దాంట్లో ఇంకొంచెం పోస్తిమి. అప్పుడు అర లీటరు కంటే ఎక్కువే ఉండాల గదా? 2/5 అంటే అర కంటే తక్కువ."

బలమైన వాదన. లెక్క చేయకుండానే 2/5 ను తోసిపుచ్చుతుంది. ఇక అయిపోయిందని అనిపిస్తుంది. వెనక నుంచి ఒక పిల్లవాడు అన్నాడు: "లేదు మేడం, 2/5 అర కంటే పెద్దదే. ఒకటి కంటే రెండు పెద్దది, రెండు కంటే ఐదు పెద్దది."

స్లిప్ టెస్టులో 1/3 కంటే 1/5 పెద్దదని రాసినవాళ్ళలో వాడొకడు. నాలుగో ప్రశ్న పెట్టింది ఇందుకే. 2/5 సగం కంటే చిన్నదని తెలియని పిల్లవాడికి పాల వాదనలో వైరుధ్యమే కనిపించదు. వాడి దృష్టిలో అంతా సరిపోయింది. అర లీటరుకు ఇంకొంచెం కలిపితే పెద్దది రావాలి, 2/5 పెద్దదే కదా. మొదటిసారి ఈ పాఠం చేసినప్పుడు నాకు ఇది తట్టలేదు. ఎదురుదెబ్బ తగిలిందనుకున్నాను. తగలవలసినవాళ్ళకు అసలు తగలనే లేదు.

ఇక్కడ కూడికను పక్కన పెట్టేస్తాను. పది నిమిషాలు పోయినా పరవాలేదు. 2/5 ను ఎలా చదువుతామని అడుగుతాను. అందరూ "టూ బై ఫైవ్" అంటారు, లేదా "రెండు బై ఐదు" అంటారు. ఈ చదవడంలో రెండు అంకెలు వినిపిస్తాయి, వాటి మధ్య ఉన్న సంబంధం వినిపించదు. మన భాషలో దీనికి ఇంకో మాట ఉంది. ఐదింట రెండు వంతులు. ముందు మొత్తాన్ని ఎన్ని సమాన భాగాలు చేశామో చెప్పి, తర్వాత ఎన్ని తీసుకున్నామో చెబుతుంది. పంటలో కౌలు వంతు మాట్లాడుకునేటప్పుడు పెద్దవాళ్ళు ఇప్పటికీ మూడింట ఒక వంతు అనే అంటారు. ఆ రోజు తరగతిలో "బై" అనకూడదని ఒక ఒప్పందం పెట్టుకుంటాం.

ఐదింట రెండు వంతులు అని నోటితో అన్నాక ప్రశ్న మారిపోతుంది. ఐదు వంతుల్లో సగం ఎన్ని వంతులు? రెండున్నర. మనకున్నవి రెండే. ఇంకో అర వంతు ఉంటేనే సగమయ్యేది. వెనక బెంచీ పిల్లవాడు దీన్ని వేళ్ళ మీద చూసుకున్నాడు. ఐదు వేళ్ళు చాపి, రెండు మడిచి, "సగం కాలేదు మేడం" అన్నాడు. 1/3, 1/5 సంగతి కూడా ఇలాగే తేలుతుంది. ఒకే బెల్లం అచ్చును ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది ఎక్కువా, ఐదుగురు పంచుకుంటే ఎక్కువా? కింద అంకె పెరిగితే వంతు చిన్నదవుతుంది.

అప్పుడు మళ్ళీ పాల దగ్గరకు వస్తాం. ఈసారి వాదన తగులుతుంది. 1/2 + 1/2 కు 1 రాసిన తొమ్మిది మంది కూడా ఇక్కడే తమ నియమం దానికి 2/4 అనే జవాబు ఇస్తుందని గమనించారు. 2/4 అంటే మళ్ళీ సగమే. సగానికి సగం కలిపితే సగమా?

బొమ్మ గీస్తే తప్పే గెలిచింది

ఈ భాగాన్ని కొంచెం ఎక్కువగా రాస్తాను. ఎందుకంటే బొమ్మ గీస్తే భిన్నాలు అర్థమైపోతాయని మనలో చాలామందికి నమ్మకం.

పాల వాదన అయ్యాక ఒక పిల్లవాడు బోర్డు దగ్గరకు వచ్చి, రెండు పొడుగు పట్టీలు గీశాడు. మొదటిదాన్ని రెండు ముక్కలు చేసి ఒకదాన్ని నింపాడు. రెండోదాన్ని మూడు ముక్కలు చేసి ఒకదాన్ని నింపాడు. "మొత్తం ముక్కలు ఐదు. నింపినవి రెండు. ఐదింట రెండు వంతులు" అన్నాడు. తరగతి నిశ్శబ్దం. పాల వాదన చెప్పిన అమ్మాయి కూడా ఆలోచనలో పడింది.

బొమ్మలో ఎక్కడా అబద్ధం లేదు. ఐదు ముక్కలున్నాయి, రెండు నింపి ఉన్నాయి. మరి తేడా ఎక్కడ? రెండు చోట్ల ఉంది, రెండూ వేరు వేరు.

మొదటిది, ఆ ఐదు ముక్కలు సమానం కావు. రెండు పెద్దవి, మూడు చిన్నవి. ఐదింట రెండు వంతులు అనాలంటే ఐదూ ఒకే కొలతలో ఉండాలి. దీన్ని పిల్లలు తొందరగానే పట్టుకుంటారు. ముగ్గురు నలుగురు ఒకేసారి "ముక్కలు ఒకే సైజు లేవు" అని అరిచారు.

రెండోది దీనికంటే లోతైనది. "ఒకటి" అంటే ఇక్కడ ఏది? 1/2 అన్నప్పుడు ఒక పట్టీలో సగం. 1/3 అన్నప్పుడు కూడా ఒక పట్టీలో మూడో వంతు. కానీ ఐదు ముక్కలు లెక్కపెట్టేసరికి ఎవరూ గమనించకుండానే మొత్తం రెండు పట్టీలైపోయింది. అర లీటరు, మూడో వంతు లీటరు కలిపి, జవాబును రెండు లీటర్లలో ఎంత అని చెప్పినట్టు.

పట్టీ ఒక్కొక్కటి 12 సెంటీమీటర్లు అనుకుందాం. మొదటిదాంట్లో నింపింది 6, రెండోదాంట్లో నింపింది 4, మొత్తం 10 సెంటీమీటర్లు. ఒక పట్టీతో పోలిస్తే ఇది 12 లో 10. రెండు పట్టీలతో పోలిస్తే 24 లో 10. 24 లో ఐదింట రెండు వంతులైతే 9.6 సెంటీమీటర్లు కావాలి. నింపింది 10. ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. కంటికి ఆ తేడా కనిపించదు. బొమ్మ అంత నమ్మకంగా అబద్ధానికి సాక్ష్యం చెప్పడానికి కారణం ఇదే. చూసి నమ్మమంటే చాలదు, స్కేలు పెట్టి కొలవాలి.

అందుకని తరగతిలో నేను 12 సెంటీమీటర్ల కాగితం పట్టీలు ఇస్తాను. 12 ను 2, 3, 4, 6 లతో భాగించవచ్చు. పిల్లలు 6 సెంటీమీటర్ల ముక్క, 4 సెంటీమీటర్ల ముక్క కత్తిరించి, వాటిని పక్కపక్కన ఒకే పట్టీ మీద పెట్టి చూస్తారు. రెండో పట్టీ గీయడం కాదు, అదే పట్టీ మీద పెట్టడం. ఆ ఒక్క తేడాతో "ఒకటి" ఏదన్నది గట్టిపడుతుంది. పట్టీ చివర 2 సెంటీమీటర్లు ఖాళీగా మిగులుతాయి.

కానీ మార్కులు అట్లాగే కలుపుతారు కదా?

చర్చ ఇక్కడికి వచ్చాక నేను ఎదురుచూసే ప్రశ్న ఒకటుంది. ఎవరూ అడగకపోతే నేనే అడుగుతాను. ఈసారి అడిగారు. "మేడం, మీరు స్లిప్ టెస్టులో మొదటి భాగం రెండు మార్కులకు, రెండో భాగం మూడు మార్కులకు పెట్టినారు. నాకు రెండుకు ఒకటి, మూడుకు ఒకటి వచ్చింది. పైన 2/5 అని మీరే వేసినారు."

నిజమే, వేశాను. అది సరైనదే. ఈ ప్రశ్నను దాటవేస్తే పాఠం మొత్తం నీరుగారిపోతుంది. పిల్లవాడికి తన నియమం పనిచేసే చోటు ఒకటి తెలుసు, దానికి మనం బదులివ్వకపోతే వాడు ఆ నియమాన్ని వదిలిపెట్టడు, వదిలిపెట్టనవసరమూ లేదు.

ఇక్కడ జరిగేది వేరు. మొదటి భాగంలో మొత్తం 2 మార్కులు, రెండో భాగంలో మొత్తం 3. కలిపేటప్పుడు వచ్చిన మార్కులే కాదు, మొత్తాలు కూడా కలుస్తున్నాయి. కొత్త మొత్తం 5. ప్రతి మార్కూ ఒకే విలువ కాబట్టి ముక్కలు సమానంగానే ఉన్నాయి. పాల లెక్కలో అలా కాదు, లీటరు లీటరుగానే ఉంటుంది.

ఈ తేడాను మాటల్లో చెబితే పిల్లలు తలూపుతారు కానీ పట్టుకోరు. దానికి బదులు ఒక ప్రయోగం ఇస్తాను. మొదటి భాగం నాలుగు మార్కులకు పెట్టి ఉంటే, అందులో రెండు వచ్చి ఉంటే? అదీ సగమే. 2/4, 1/2 సమాన భిన్నాలని ఇప్పటికే చదువుకున్నారు. ఇప్పుడు మార్కులు కలపండి. నాలుగుకు రెండు, మూడుకు ఒకటి, మొత్తం ఏడుకు మూడు. 3/7. ఇందాక 2/5 వచ్చింది. 2/5 అంటే 40 శాతం, 3/7 అంటే దాదాపు 43 శాతం. మొదటి భాగం 20 మార్కులకు పెట్టి 10 వచ్చి ఉంటే? 23 కు 11. దాదాపు 48 శాతం.

సగం మారలేదు, మూడో వంతు మారలేదు. జవాబు మాత్రం ప్రతిసారీ మారుతోంది. అంటే మార్కులు కలిపేటప్పుడు మనం సగాన్ని, మూడో వంతును కలపడం లేదు. ఎన్నింటిలో ఎన్ని అనే లెక్కలను కలుపుతున్నాం. కూడిక అన్నాక, ఒకే విలువను ఏ పేరుతో పిలిచినా జవాబు ఒకటే రావాలి. అర లీటరును 500 మిల్లీలీటర్లు అన్నా, రెండు పావు లీటర్లు అన్నా పాత్రలో పాలు మారవు.

ఇంకో గుర్తు కూడా ఉంది, దాన్ని పిల్లలే కనిపెట్టారు. మార్కుల పద్ధతిలో జవాబు ఎప్పుడూ ఆ రెండు భిన్నాల మధ్యలోనే పడుతుంది. మూడో వంతు అంటే 33 శాతం, సగం అంటే 50, వచ్చినవి 40, 43, 48. అన్నీ మధ్యలోనే. ఒక భాగంలో బాగా చేసి ఇంకో భాగంలో తక్కువ చేసిన పిల్లవాడి మొత్తం శాతం ఆ రెంటి మధ్యే కదా ఉంటుంది. కూడికైతే మధ్యలో పడడానికి వీల్లేదు. కలిపే రెండూ సున్నా కంటే పెద్దవైనప్పుడు, జవాబు రెండిటి కంటే పెద్దదిగా ఉండాలి. ఏదైనా లెక్కలో జవాబు మధ్యలో పడిందంటే అది తప్పని అర్థం, బహుశా పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపి ఉంటాం. జవాబు సరిచూసుకోవడానికి పిల్లలకు ఇంతకంటే తేలికైన సాధనం నాకు తెలియదు.

ఒకే రంగు

ఇప్పుడు క.సా.గు అవసరమేంటో పిల్లలకు కనిపిస్తుంది. సగం ముక్క, మూడో వంతు ముక్క రెండూ వేరే సైజులు. వాటిని ఏ పేరుతో లెక్కపెట్టాలి? రెండిటినీ కొలవగలిగిన ఒకే సైజు చిన్న ముక్క కావాలి. పట్టీ చివర మిగిలిన 2 సెంటీమీటర్ల ఖాళీని చూసి ఒకమ్మాయి, "ఆ ఖాళీ అంత ముక్కతో కొలిస్తే సరిపోతుంది మేడం" అంది. 6 సెంటీమీటర్ల ముక్కలో అలాంటివి మూడు, 4 సెంటీమీటర్ల దాంట్లో రెండు, పట్టీ మొత్తంలో ఆరు. ఆరింట మూడు వంతులు, ఆరింట రెండు వంతులు కలిసి ఆరింట ఐదు వంతులు. కింది ఆరు కలవదు. అది ముక్క సైజుకు పేరు, లెక్కపెట్టే వస్తువు కాదు. మూడు మామిడికాయలు, రెండు మామిడికాయలు కలిస్తే ఐదు మామిడికాయలు అన్నట్టు.

2/6 రాసిన ఆరుగురి సంగతి ఇక్కడ తేలుతుంది. వాళ్ళకు కింద ఆరు రావాలని తెలుసు, పైవాటిని మార్చలేదు. ఆరింట రెండు వంతులంటే మూడో వంతే కదా అని ఒకరు అనగానే దిద్దుకున్నారు. వాళ్ళది పద్ధతిలో సగం మరిచిపోవడం. 2/5 వాళ్ళంత లోతైనది కాదు.

మన పాత గణితంలో దీనికి చక్కని పేరుంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో ఉన్న మహావీరాచార్యుడు భిన్నాల లెక్కలను కళాసవర్ణం అన్నాడు. కళ అంటే భాగం, సవర్ణం అంటే ఒకే రంగు. రంగు వేరైన భాగాలను ఒకే రంగులోకి తెచ్చాకే కలపాలి. హారాలకు క.సా.గు తీసుకునే పద్ధతిని కూడా ఆయన చెప్పాడు. ఆయన గణితాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సజాతి, విజాతి భిన్నాలు అని పుస్తకంలో బట్టీ పట్టే పిల్లలకు ఒకే రంగు, వేరే రంగు అని చెప్పి చూశాను. ఆ మాట వాళ్ళ నోట నిలబడింది.

మళ్ళీ వచ్చిందా?

ఈ పాఠానికి రెండు పీరియడ్లు పడుతుంది, ఒక్కోసారి మూడు. సిలబస్ టెన్షన్ ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువే అనిపిస్తుంది. చర్చ నడిపి తేల్చకుండా మధ్యలో గంట కొట్టిందని ఆపేయడం మాత్రం చాలా నష్టం. ఆ రోజు తరగతిలో వినిపించిన తప్పు వాదనే కొందరికి గుర్తుండిపోతుంది. బొమ్మ వాదన మధ్యలో పీరియడ్ అయిపోతే, బోర్డు మీద "తేలలేదు" అని రాసి, నోటు పుస్తకాల్లోనూ అదే మాట రాయించి పంపుతాను. మరుసటి రోజు అక్కడి నుంచే మొదలుపెడతాం.

మారిందో లేదో తెలుసుకోవడానికి అవే లెక్కలు మళ్ళీ ఇవ్వకూడదు, జవాబులు గుర్తుంటాయి. పది రోజుల తర్వాత ఈ రెండు అడిగాను. 2/3 + 3/4 ఒకటి కంటే ఎక్కువా, తక్కువా, లెక్క చేయకుండా చెప్పండి. ఇంకొకటి: ఒకరు 3/4 + 1/6 = 4/10 అని రాశారు, అది తప్పని వాళ్ళను ఎలా ఒప్పిస్తారు? రెండోదానికి "క.సా.గు తీసుకోవాలి" అని మాత్రమే రాసినవాళ్ళు పద్ధతి నేర్చుకున్నారు, ఆలోచన ఇంకా మారలేదు. "4/10 సగం కంటే తక్కువ, 3/4 ముప్పావు, కలిపితే తగ్గదు" అని రాసినవాళ్ళ గురించి నాకు బెంగ లేదు. మొదట 2/5 రాసిన 15 మందిలో 11 మంది ఇలా ఏదో ఒక కారణం రాశారు. ముగ్గురు పద్ధతి మాత్రం రాశారు. ఒకడు ఇంకా పాత చోటే ఉన్నాడు. వాడికి 1/3, 1/5 సంగతి పూర్తిగా కుదరలేదు. వాడితో మళ్ళీ పట్టీల దగ్గర నుంచి మొదలుపెట్టాను.

ఈ పాఠం తెచ్చిపెట్టే కొత్త చిక్కు కూడా ఒకటుంది. "కలిపితే పెద్దది కావాలి" అన్న మాటను పిల్లలు గుణకారానికి కూడా పట్టుకెళ్తారు. 1/2 × 1/3 = 1/6 చేశాక, "జవాబు చిన్నదైంది, తప్పు" అని కొట్టేసినవాళ్ళు ఇద్దరున్నారు. అందుకే గుణకారం పాఠం కూడా అక్కడి నుంచే, మూడో వంతులో సగం ఎంత అనే ప్రశ్న నుంచే మొదలుపెట్టాల్సి వస్తోంది.

మార్కుల ప్రశ్న అడిగిన పిల్లవాడు ఆ తర్వాత వారం స్టాఫ్ రూమ్ దగ్గరకు వచ్చాడు. "మేడం, పాలు కలపడానికీ మార్కులు కలపడానికీ ఒకే ప్లస్ గుర్తు ఎందుకు పెడతారు? అందుకే గదా మాకు తికమక." మార్కులు కలిపేటప్పుడు మేం ప్లస్ గుర్తు పెట్టమని, రెండు మార్కులూ పక్కపక్కన వేసి చివర మొత్తం వేస్తామని చెప్పాను. వాడికి అది నచ్చలేదు. నోటు పుస్తకం తెరిచి, ప్లస్ చుట్టూ ఒక సున్నా గీసి చూపించాడు. లోపల రాసుకున్నాడు: 1/2 ⊕ 1/3 = 2/5, మార్కులకు మాత్రమే. దాని కింద మామూలు ప్లస్‌తో ఇంకో వరుస: 1/2 + 1/3 = 5/6, పాలకు.